ఒప్పుకోలు లేదు

సారంగపాణి గారితో ఏడాదిన్నర పనిచేశాను. ఆ ఏడాదిన్నరలో నాకు రక్తపోటు రాకపోవడం నా పూర్వజన్మ సుకృతం అనే అనుకుంటున్నాను.

మా ఆఫీసు హన్మకొండలో ఒక స్టీలు సామాన్ల దుకాణం పైన రెండు గదులు. నేను గాక పద్నాలుగు మంది. కంప్యూటరుతో మాట్లాడే ప్రోగ్రాములు, అంటే ఏదైనా అడిగితే మనిషిలా జవాబు రాసే ఏఐలు, తెలుగులో ఇచ్చే జవాబులు చదివి మార్కులు వేయడం మా పని. తెర మీద ఒక సంభాషణ వస్తుంది. చివరి ప్రశ్నకు రెండు జవాబులు ఉంటాయి, ఏ, బీ అని. ఏది మేలో చెప్పి, ఎందుకో ఒక ముక్క రాయాలి. అలాంటిది ఒక్కొక్కటీ ఒక ఐటమ్. అంతే పని. డిగ్రీ పిల్లలు అరగంటలో నేర్చుకుంటారు. నేను వాళ్లకు టీమ్ లీడ్‌ని, అంటే పైవాళ్ల తిట్లు కిందికీ, కిందివాళ్ల గోడు పైకీ మోసేదాన్ని.

ఆ పిల్లల మధ్యకు అరవై మూడేళ్ల సారంగపాణి గారు వచ్చారు. ముప్పై నాలుగేళ్లు రైల్వేలో చేసి, డోర్నకల్ లైను మీద ఒక చిన్న స్టేషనులో స్టేషన్ మాస్టరుగా రిటైరైన మనిషి. తెల్లచొక్కా, పక్క పాపిడి, స్టీలు టిఫిన్ డబ్బా. తెలుగు మంచిగా వస్తుంది, టైపింగు వస్తుంది, పొద్దున తొమ్మిదింటికి రమ్మంటే ఎనిమిది యాభైకి తలుపు దగ్గర ఉంటారు. నేనే ఇంటర్వ్యూ చేసి తీసుకున్నాను కాబట్టి ఇంకొకరిని అనేందుకు కూడా లేదు.

ఆయనతో తంటా ఏమిటంటే, ఏది చెప్పినా తిరిగి మనకే చెబుతారు. "సార్, ఇవాళ అరవై ఐటమ్స్ చెయ్యాలె" అంటే, "అరవై. ఇవాళ్నే. అంతేనా బిడ్డా?" అంటారు. మనం అవునన్న తర్వాతే కుర్చీ లాక్కుంటారు. చాయ్ తెచ్చే వెంకట్రాజం అయితే ఈయన దగ్గరికి రావడమే మానుకున్నాడు.

"రెండు చాయ్‌లు తేవయ్యా. ఒకటి చక్కెర లేకుండ. ఏం తెస్తానవో చెప్పు," అని ఒకసారి ఈయన అడిగారు.

"నాకు చెవులు వినవడ్తయి సార్. పదేండ్ల సంది చాయ్ పోస్తాన," అన్నాడు వెంకట్రాజం.

"వినవడ్డదని నాకెట్ల తెల్వాలె?"

వెంకట్రాజం నావైపు చూశాడు. నేను తెర వైపు చూశాను. ఆ మధ్యాహ్నం నుంచి ఆయన చాయ్ ఆయనే కిందికి దిగి తెచ్చుకునేవారు.

ఫోను మెసేజుల సంగతి సరేసరి. ఏదన్నా పంపి పది నిమిషాలు ఆగి "అందిందా?" అని ఇంకొకటి పంపేవారు. నాకు రోజుకు రెండువందల మెసేజులు వస్తాయి. అందులో ఇరవై "అందిందా"లు ఈయనవే. ఒకరోజు విసిగిపోయి, "సార్, మెసేజ్ కింద రెండు నీలం టిక్కులు వస్తయి గద. చదివినట్టే. ప్రతిదానికీ అందిందా అందిందా అని అడగకుండ్రి," అన్నాను, నలుగురి ముందే అన్నాను. "నీలం టిక్కులు వస్తే చదివినట్టు. అడగొద్దు. సరే బిడ్డా," అన్నారాయన. అదీ తిరిగి చెప్పే ఒప్పుకున్నారు.

ఇంట్లో ఊరికే కూర్చోలేక ఈ పనికి వచ్చారాయన. భార్య చిలుకమ్మ గారికి నీటికాసులు ముదిరి చూపు బాగా తగ్గిపోయింది. ఆమెను వదిలి ఊళ్లు తిరగలేరు, కాజీపేట ఇంట్లో పొద్దంతా గోడ చూస్తూ ఉండలేరు. "ముప్పై నాలుగేండ్లు నా సంతకం పడందే బండి కదల్లే. ఇప్పుడు పేపరోడు గూడ నన్ను అడుగుతలేడు," అని ఒకసారి నాతో అన్నారు. ఇక్కడ మార్కులు వేసే పని దొరికాక మనిషి నిటారుగా నడవడం మొదలుపెట్టారు. ఇది పోతే ఆయనకు ఇంకోటి దొరకదు. అది నాకు తెలుసు.

ఇక గొడవ ఎక్కడ మొదలైందో చెబుతాను.

మూడు నెలలకొకసారి మాకు పరీక్ష ఉంటుంది. మామూలు ఐటమ్స్ లాగే ఇరవై వస్తాయి, కానీ వాటికి పైవాళ్లు ముందే జవాబులు నిర్ణయించి పెట్టుకుంటారు. పదహారైనా కలవాలి. కలవకపోతే మూడు నెలలు లాగిన్ బంద్. వచ్చిన మార్కుల మీద రెండురోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. అది చూసేది హైదరాబాద్‌లో ఉండే శశాంక్.

బుధవారం పరీక్ష. గురువారం ఫలితం. సారంగపాణి గారికి పదిహేను.

నాకు ఒళ్లు మండింది. ఒక్కటి. చివరికి ఒక్కటి తక్కువ. తప్పిన ఐదూ తెరిచి చూస్తే నాలుగు ఒకే రకం. ఆయన్ను నా బల్ల దగ్గరికి పిలిచి మొదటిది చూపించాను.

అందులో ఒకాయన తన తల్లికి కంటిచుక్కల మందు ఎలా వేయాలో అడుగుతున్నాడు. మొదటి జవాబు ఏఐ బాగానే ఇచ్చింది, కానీ ముఖ్యమైన మాటలకు రెండువైపులా రెండేసి నక్షత్రం గుర్తులు పెట్టింది. కొన్ని తెరల మీద ఆ గుర్తులు మాయమై మాట మందంగా కనిపిస్తుంది. కొన్నింటి మీద గుర్తులు గుర్తులుగానే మిగిలిపోతాయి. తన జవాబు ఏ తెర మీద, ఏ యాప్‌లో పడుతోందో ఏఐకి తెలియదు, చెబితే తప్ప. ఈ సంభాషణలో ఎవరూ చెప్పలేదు. అందుకని ఆ మనిషే రాశాడు: నా ఫోన్ల అన్నీ చుక్కలు చుక్కలు వస్తానయి, చుక్కలు పెట్టకు. మందు వేసినంక ఎంతసేపు కండ్లు మూసుకోవాలె?

జవాబు ఏ: రెండు మూడు నిమిషాలు మెల్లగా మూసి ఉంచాలి, గట్టిగా నొక్కకూడదు. గుర్తులేమీ లేవు.

జవాబు బీ: సరే, ఇకమీద నక్షత్రం గుర్తులు లేకుండా మామూలు అక్షరాల్లోనే రాస్తాను. ఆ తర్వాత అదే జవాబు, అక్షరం పొల్లు పోకుండా.

పైవాళ్లు 'ఏ' మేలన్నారు. సూటిగా ఉందని. ఈయన బీ అన్నారు.

"'ఏ' గూడ గుర్తులు పెట్టలే గద సార్. చెప్పిన మాట విన్నది. ఇంకేం గావాలె మీకు?" అన్నాను.

"విన్నదని నీకెవరు చెప్పిన్రు?"

"కనవడ్తలేదా? గుర్తులు లెవ్వు."

"రెండు లైన్ల జవాబుకు గుర్తులు యెట్లైనా రావు బిడ్డా. చెప్పకపోయినా ఇట్లనే ఉంటుండె. విని పెట్టలేదా, అవసరం లేక పెట్టలేదా, ఆ మనిషికి ఎట్ల తెలుస్తది? తెల్లారి మందుల పట్టిక పెద్దది అడుగుతడు. అప్పుడు మల్ల చుక్కలొస్తే?"

నేను ఏదో అనబోయాను. ఆయన వేలితో ఆ మనిషి రాసిన మాట చూపించారు.

"గీయన చుక్కలు అన్నడు. చుక్కలంటే ఆకాశంల చుక్కలా, బొట్టుబొట్టు చుక్కలా? వరుస మొదట్ల పెట్టే నల్లబొట్లు వద్దన్నడని అది అనుకుంటే? అవి తీసేసి నక్షత్రాలు అట్లనే పెడ్తది. నక్షత్రం గుర్తులు పెట్టనని బీ ఒక్క ముక్క చెప్పింది. తప్పుగ అర్థం చేసుకుంటే ఆయన అక్కడికక్కడ్నే దిద్దుతడు. దానికి ఆయన తెర కనవడదు. ఆయనకు దాని మనసు కనవడదు. మధ్యల గా ఒక్క ముక్కనే ఉన్నది."

"ఈ కథంతా మీ రైల్వేది సార్," అన్నాను. ఓపిక అయిపోతోంది నాకు.

"రైల్వేదే. గేటు దూరంగ ఉంటది, నాకు కనవడదు. ఫలానా బండి వస్తాంది, గేటెయ్యి అని ఫోన్ చేస్త. గేట్‌మన్ గేటేసి, బండి నంబర్ తిరిగి చెప్పి, తన కాయితం మీదున్న ప్రైవేట్ నంబర్, వానికి తప్ప ఎవరికీ తెల్వనిది, చెప్తడు. గట్ల తిరిగి చెప్పుడే ఒప్పుకోలు. అది నేను రాసుకున్నంకనే సిగ్నల్ ఇస్త. వాడు మంచోడే, గేటేసే ఉంటడు. అయినా నంబర్ రాకపోతే బండి నిలవడుడే."

"మరి మీకు మార్కు పడ్డ ఇంకో ఐటమ్ల? అక్కడ కూడా జవాబు ఒప్పుకుంది గద. దానికెందుకు తక్కువేసిన్రు?"

అందులో జవాబు మొదలే ఐదు వరుసల క్షమాపణ. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను, మీ పరికరం గురించి ముందే ఆలోచించి ఉండాల్సింది, వగైరా వగైరా. చివరికి మనిషి అడిగినదానికి ఒక్క వరుస.

"గేట్‌మన్ నంబర్ చెప్పాలె గని రామాయణం చెప్పద్దు. ఒక్క ముక్క, తర్వాత అసలు సంగతి. బండి వెనక ఇంకో బండి ఉంటది," అన్నారు.

ఇదంతా ఆయనకు పుస్తకంలో నుంచి రాలేదు. ఇంట్లో చిలుకమ్మ గారికి ఫోనే అన్నీ చదివి వినిపిస్తుంది. గుర్తు కనిపించిన చోటల్లా స్టార్ స్టార్ అని కూడా చదువుతుంది. ఆ గుర్తులు వద్దని ఆమె ఏఐకి చెప్పిందట. జవాబు ఆ మాట ఊసే ఎత్తకుండా అడిగినదానికి చిన్నగా బదులిచ్చింది, గుర్తులు లేవు. హమ్మయ్య అనుకుంది. మరునాడు షుగరుకు ఏమేం తినాలో అడిగితే స్టార్ స్టార్ జొన్నలు స్టార్ స్టార్ అని పావుగంట చదివింది. ఆమె ఫోను మంచం మీద పడేసి రెండు రోజులు ముట్టలేదు. ఇది ఆయన చెబుతుంటే నాకు నవ్వొచ్చింది, నవ్వాను కూడా. ఆయన నవ్వలేదు.

ఆయన చెప్పింది తప్పని నేను అనలేకపోయాను. అదే నా కోపం. ఒక మనిషి మొండిగా ఉండీ తప్పుగా ఉంటే సులువు. ఈయన మొండిగా ఉండీ ఒప్పుగా ఉన్నారు, నా దగ్గర రేపటికి తొమ్మిది వందల ఐటమ్స్ ఉన్నాయి.

"అప్పీలు మీరే రాయండి సార్. చిన్నగా రాయండి," అన్నాను.

"చిన్నగ. నేనే. అంతేనా?"

"అంతే సార్, అంతే."

నాలుగింటికీ ఆయన అదే రాశారు. జవాబు 'ఏ'లో ఒప్పుకోలు లేదు, బీలో ఉన్నది, అందుకే బీ మేలు. నేను చదివాను. బాగానే ఉందనిపించింది. పంపేశాం.

శుక్రవారం సాయంత్రం శశాంక్ దగ్గర్నుంచి ఒకే వరుస వచ్చింది: నిబంధనలకు విరుద్ధం, తిరస్కరించడమైనది. శనివారం పొద్దున సారంగపాణి గారి లాగిన్ ఎర్రగా మారింది. ఆ సంగతి నేనే చెప్పాలి కాబట్టి చెప్పాను.

"మూడు నెలలు బంద్. అప్పీలు కొట్టేసిన్రు. అంతేనా?" అన్నారు.

"అంతే సార్." ఆ క్షణాన కూడా ఆయన తిరిగి చెప్పడం నాకు చిరాకు తెప్పించింది. అది ఎందుకు దాచాలి?

ఆయన టిఫిన్ డబ్బా తెరవకుండానే సంచిలో పెట్టుకున్నారు. మెడలో ఐడీ కార్డు తీసి, తాడు చుట్టి నా బల్ల మీద పెట్టారు. అప్పటికి ఇంకా పదిన్నర కూడా కాలేదు.

సోమవారం శశాంక్‌కు ఫోన్ చేశాను, దెబ్బలాడటానికే చేశాను.

"నిబంధనలకు ఎట్ల విరుద్ధమో చెప్పు శశాంక్. ఆయన చెప్పినదాంట్లో తప్పేముంది?"

"అదేంది నవ్యా, అట్లంటవ్? ప్రతి జవాబూ తప్పు ఒప్పుకోవాలంటాండు ఆయన. క్షమాపణలు తగ్గించమని క్లయింట్ మొత్తుకుంటాంటే, ఈయన క్షమాపణ లేదని మార్కులు తీసేస్తాండు."

"క్షమాపణ అని ఆయన ఎక్కడ రాసిండు?"

"నాలుగు చోట్ల రాసిండు గద, ఒప్పుకోలు లేదు, ఒప్పుకోలు లేదు అని. నోట్సు ఇంగ్లీషులోకి మారి క్లయింట్‌కు పోతయి. అక్కడ తప్పు ఒప్పుకోలేదు అని పడ్డది. నేను గూడ గట్లనే చదివిన. ఒప్పుకోలంటే ఇంకేముంటది?"

ఒప్పుకోలంటే గేట్‌మన్ తిరిగి చెప్పే మాట. చెప్పింది అందింది, ఇట్లా అర్థమైంది, ఇట్లా చేస్తాను అని. ఏడాదిన్నరగా ఆ మాటను ఆయన నోట ఆ అర్థంలోనే వింటున్నాను. మాకు అలవాటైపోయింది. హైదరాబాద్‌లో ఎవరికి అలవాటు?

అదంతా శశాంక్‌కు వివరించాను. వివరిస్తూ ఉంటే సారంగపాణి గారి వాదన నా నోట్లోంచే వస్తోంది, గేటుతో సహా. శశాంక్ ఆ నోట్సు మళ్లీ తెరిచి చదువుకున్నాడు.

"ఇది నిజంగ మంచి పాయింట్ నవ్యా. ఏ యాప్ల కనవడ్తదో తెల్వనప్పుడు మనిషి చెప్పిందే ఆధారం. ఒక్క ముక్క చెప్పి ముందుకు పోవాలె. నేను క్లయింట్‌కు రాస్త," అన్నాడు.

"మరి ఆయన లాగిన్?"

"అప్పీలు టైం శనివారమే అయిపోయింది. మూసినంక సిస్టమ్ తెరవదు, నా చేతిల లేదు. ఆయన ఈ అర్థం ముందే చెప్పియ్యాల్సింది. మీ దగ్గర్నుంచి ఒక్క మెసేజ్ వస్తే అయిపోతుండె."

పెద్దమనిషి చాదస్తం కాకపోతే, తన మాటకు తన అర్థం ఏమిటో ముందే చెప్పొద్దా అని నాకూ కోపం వచ్చింది. ఏడాదిన్నర నా ప్రాణం తీసి, అసలైన చోట నోరు మూసుకున్నారా అనుకుంటూ ఫోన్లో ఆయన పాత మెసేజులు వెతికాను, నిరూపిద్దామని. పరీక్షకు పన్నెండు రోజుల ముందుది దొరికింది.

"నవ్యమ్మా, నా నోట్సుల ఒప్పుకోలు అని రాస్తాన. దానర్థం తప్పు ఒప్పుకునుడు గాదు, చెప్పింది అందిందని జవాబు చెప్పుడు. పైవాళ్ల దగ్గర అది ఎట్ల కనవడ్తదో నాకు తెల్వదు. జర శశాంక్ సారుకు చెప్పు."

దాని కింద నా జవాబు: "సార్, రేపటి బ్యాచ్ పది గంటలకు. కొత్త హెడ్‌సెట్లు వచ్చినయి, తీస్కోండి."

దాని కింద ఆయనది: "పది గంటలకు. హెడ్‌సెట్ తీస్కుంట."

అంతే. నేను చదివాను, రెండు నీలం టిక్కులూ ఉన్నాయి. చదివినప్పుడు సరే చెబుదాంలే అనుకున్నట్టు కూడా గుర్తుంది. సరే అన్న మాట రాయలేదు, పైకి చెప్పలేదు, మర్చిపోయాను. ఆ మనిషి మాత్రం నేను చెప్పిన రెండు ముక్కలూ తిరిగి చెప్పి, తన మాట సంగతి అడగకుండా ఆగిపోయారు. అడగొద్దని నేనే కదా నలుగురి ముందు అన్నది.

వారం తిరక్కుండా కొత్త నిబంధన వచ్చింది. వాడేవారి తెర ఏదో తెలియనప్పుడు, జవాబు కనిపించే తీరు గురించి వారు ఏదైనా చెబితే, ఏం అర్థమైందో ముందు ఒక్క వాక్యంలో చెప్పి, వెంటనే సంభాషణ కొనసాగించాలి, క్షమాపణలు పెంచకూడదు. పదమూడు మందికీ నేనే చదివి వినిపించాను. అఖిల్ అనే కుర్రాడు "ఇది సారంగపాణి సార్ చెప్పేదే గద అక్కా," అన్నాడు. నేను తర్వాతి నిబంధన చదివాను.

ఆ సాయంత్రం కాజీపేట వెళ్లాను. ఇల్లు రైల్వే క్వార్టర్లు దాటాక ఉంది. చిలుకమ్మ గారు నా గొంతు విని "టీమ్ లీడ్ మేడమా?" అని కుర్చీ తడిమి చూపించారు. సారంగపాణి గారు చాయ్ తెచ్చి ఇచ్చారు. గడ్డం గీసుకోలేదు. ఆయన్ను గడ్డంతో చూడటం అదే మొదలు.

"మీరు చెప్పింది రూల్ అయ్యింది సార్," అన్నాను.

"రూల్ అయ్యింది. మంచిది. నా లాగిన్?"

"మూడు నెలల దాకా రాదు సార్."

"మూడు నెలలు." గ్లాసు కిందపెట్టారు. "మల్ల అప్పటికి పరీక్ష ఉంటదో, సీటు ఉంటదో... సూద్దాం తీ."

దారి పొడుగునా నేను కూడబెట్టుకున్న సంజాయిషీలు చాలా ఉన్నాయి. పద్నాలుగు మంది, రెండువందల మెసేజులు, హెడ్‌సెట్లు. ఒక్కటీ బయటికి రాలేదు.

"సార్, ఒప్పుకోలు గురించి మీరు పంపిన మెసేజ్ చదివిన. జవాబియ్యలే. శశాంక్‌కు చెప్పలే. మీ అప్పీలు అందుకే పోయింది," అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు. తిడితే బాగుండుననిపించింది నాకు.

"చదివినవు. జవాబియ్యలే, పైకి చెప్పలే. అప్పీలు అందుకే పోయింది. అంతేనా బిడ్డా?"

"అంతే సార్."

"సరే. చాయ్ తాగు, సల్లారుతాంది," అన్నారు.

ఏడాదిన్నరలో నా మాట ఆయన నాకు తిరిగి చెబితే విసుగు రాకపోవడం అదే మొదటిసారి. చాయ్ చల్లారకముందే తాగాను.